తలుపు అవతల ఇంగ్లీషు మాస్టారు

పాలలో నీళ్ళెన్ని కలిశాయో చిటికెలో తేల్చి చెప్పే మనిషికి, తనకి ఇంగ్లీషు వచ్చు అని నిరూపించుకోడానికి మాత్రం నెల రోజులు పట్టింది.

ఆ మనిషి ఒక పాల డైరీ ల్యాబులో సీనియర్ టెక్నీషియను. ఇంట్లో పెద్దకోడలు, చిన్నకోడలు కూడా తనే, ఎందుకంటే ఆ ఇంటికి ఉన్నది ఒక్క కొడుకే. కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. భర్త బస్సుల కంపెనీలో టైము టేబుళ్ళు వేసే ఉద్యోగి, అందుకని ఇంట్లో ఎవరు ఏం చెప్పినా "ఎన్నింటికి?" అని మాత్రమే అడుగుతాడు. అత్తగారు తక్కువ మాట్లాడతారు గాని, మాట్లాడినప్పుడు మిగతావాళ్ళ మాటలకి అవసరం ఉండదు. ఇక మావగారు. ఆయన ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాస్టారు. రిటైరైంది స్కూలు నుంచే. చెప్పడం నుంచి కాదు. గ్యాసు బిల్లు మీద కూడా ఎర్ర పెన్నుతో తప్పులు దిద్ది, ఆ తర్వాతే కట్టించే రకం.

ఆ నెల మొదటి వారంలో కోడలికి విదేశీ యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆహార పదార్థాల భద్రత మీద ఏడాది మాస్టర్స్. సీటు ఇచ్చారు, ఫీజులో సగం స్కాలర్‌షిప్పు కూడా ఇచ్చారు. కాకపోతే కింద ఒక షరతు పెట్టారు: నెలాఖరులోగా ఇంగ్లీషు వచ్చని రుజువు చూపాలి, చూపకపోతే సీటు వెయిటింగులో ఉన్న ఇంకొకరికి వెళ్ళిపోతుంది. డైరీవాళ్ళు చదువు కోసం ఏడాది సెలవు ఇచ్చింది కూడా ఈ ఒక్క ఏడాదికే. మేనేజరు ఆ కాగితం మీద సంతకం పెడుతున్నప్పుడు చెయ్యి నొప్పి పుట్టినవాడిలా మొహం పెట్టాడు. వచ్చే ఏడాది మళ్ళీ అడిగితే ఆ చెయ్యి అసలు లేవదు.

"రుజువేంటి, నీ దగ్గర ఐఈఎల్‌టీఎస్ స్కోరు ఉంది కదా?" అన్నాడు భర్త.

ఉంది. మంచి స్కోరే ఉంది. బీరువాలో, పెళ్ళి ఫోటోల కింద, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. కాని ఆ పరీక్ష రాసి మూడేళ్ళయింది, ఆ స్కోరుకి ఆయుష్షు రెండేళ్ళు. మూడేళ్ళ కిందట కూడా ఇలాగే బయల్దేరబోతుంటే మాస్టారికి మోకాలి ఆపరేషను వచ్చిపడింది. ఆయన్ని లేపి, కూర్చోబెట్టి, నడిపించి, మళ్ళీ వీధిలో తిరిగేలా చేసేసరికి ఆ ఏడాది అడ్మిషన్లు అయిపోయాయి. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టే మాస్టారు ఎప్పుడూ మర్చిపోలేదు.

"మూడేళ్ళలో వచ్చిన ఇంగ్లీషు ఎక్కడికి పోతుంది?" అన్నారు ఆయన, కుర్చీలో నిటారుగా కూర్చుని. "మందు సీసానా, గడువు తీరడానికి?"

"పాలకి కూడా గడువు ఉంటుంది కదా మావయ్యగారు."

"పాలు విరుగుతాయి. భాష విరగదు."

అత్తగారు లోపలి నుంచి అన్నారు: "విరుగుతుంది. మీరు మాట్లాడించగా మాట్లాడించగా నాదెప్పుడో విరిగిపోయింది."

పరీక్ష మళ్ళీ రాద్దామంటే ఊళ్ళో సెంటరులో ఖాళీ ఉన్న తేదీ వచ్చే నెల నాలుగో తారీఖు. ఆ ఫలితం వచ్చేసరికి సీటు ఇంకొకరి పేరు మీద ఉంటుంది. భర్త పక్క ఊళ్ళ సెంటర్లు కూడా ఒక పట్టికలా వేసుకుని చూశాడు, అన్నీ నిండిపోయాయి. అప్పుడు కోడలు ఆ ఉత్తరాన్ని, ల్యాబులో రిపోర్టు చదివినట్టు, కింది చిన్న అక్షరాల దాకా చదివింది. రుజువు అంటే ఒక్క పెద్ద పరీక్షే కాదట. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని రాసే ఆన్‌లైన్ పరీక్ష ఒకటి వాళ్ళు ఒప్పుకుంటారట. కొందరి విషయంలో, చదివిన డిగ్రీ అంతా ఇంగ్లీషులోనే సాగిందని కాలేజీ ఇచ్చే ఉత్తరం కూడా పనికొస్తుందట. ఇవన్నీ ప్రతి యూనివర్సిటీ ఒప్పుకోదు, ఒప్పుకున్నది కూడా అందరికీ ఒప్పుకోదు, ముందే అడిగి తెలుసుకోండి అని రాసి ఉంది.

"ఇంట్లో కూర్చుని రాసేదా?" మాస్టారి కళ్ళు మెరిశాయి. "మరి ఇంకేం. ఇల్లు మనదే."

కోడలు నవ్వి ఊరుకుంది. అప్పుడే పట్టించుకుని ఉంటే బాగుండేది.

ఇంటి పరీక్ష గంటసేపు. నిబంధనలు మాత్రం రెండు పేజీలు. గదిలో పరీక్ష రాసే మనిషి ఒక్కతే ఉండాలి. తలుపు మూసి ఉండాలి. చెవులు కెమెరాకి కనిపించాలి, ఇయర్‌ఫోన్లు పెట్టుకోకూడదు, ప్రశ్నలు స్పీకర్లోంచే వినాలి. కళ్ళు తెర మీంచి పక్కకి పోకూడదు. ఇంకొకరి గొంతు వినపడకూడదు. అంతా రికార్డవుతుంది, తర్వాత మనుషులు కూర్చుని చూస్తారు.

మాస్టారు ఆ రెండు పేజీలూ ప్రింటు తీయించి, గట్టిగా చదివి వినిపించి, ముఖ్యమైన చోట గీతలు పెట్టారు. పరీక్ష ఆదివారం పొద్దున పదింటికి. తొమ్మిదిన్నరకే భర్తని బయటికి తోలారు. కాలింగ్ బెల్లు వైరు పీకించారు. కుక్కర్ పెట్టొద్దన్నారు. పైవాటా వాళ్ళింటికి స్వయంగా మెట్లెక్కి, వాళ్ళ పిల్లని గంటసేపు పరుగెత్తవద్దని బతిమాలారు. ఆ తర్వాత పడగ్గది తలుపు బయట ఒక కుర్చీ వేసుకుని, చేతికర్ర అడ్డంగా పెట్టుకుని కూర్చున్నారు.

"ఎవరొస్తారో నేనూ చూస్తాను," అన్నారు. "నువ్వు నిశ్చింతగా రాయి అమ్మాయ్."

ఎవరూ రాలేదు. ఆయన ఉండగా ఎవరొస్తారు. కోడలు నలభై నిమిషాలు సాఫీగా దాటించింది. చదివింది, విన్నది, ఖాళీలు నింపింది, బొమ్మ చూసి వర్ణించింది. చివర్లో మాట్లాడే ప్రశ్న వచ్చింది. స్పీకర్లోంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో స్పష్టంగా అడిగింది: మీ జీవితంపై ప్రభావం చూపిన ఒక ఉపాధ్యాయుడి గురించి మాట్లాడండి. ఆలోచించుకోడానికి అర నిమిషం.

కోడలు ఆలోచించుకుంటోంది. ఎవరి గురించి చెబితే బాగుంటుంది, బాటనీ సారా, టెన్త్ క్లాసు లెక్కల టీచరా. పది సెకన్లు గడిచాయి. పదిహేను.

తలుపు అవతల ఉన్న మనిషి ముప్పై నాలుగేళ్ళు క్లాసులో నిశ్శబ్దాన్ని ఓర్చుకోలేక బతికినవాడు. ప్రశ్న పడ్డాక పిల్లలు నోరు విప్పకపోతే ఆయన పెదవులు వాటంతటవే కదిలేవి. ఇరవయ్యో సెకనుకి ఆయనకి చెమటలు పట్టాయి. ఇరవై రెండో సెకనుకి, తలుపు చెక్కలోంచి, చక్కటి ఉచ్చారణతో, గంభీరమైన గొంతు వినపడింది:

"బిగిన్ విత్ మై ఫాదర్-ఇన్-లా."

కోడలు కెమెరా వైపే చూస్తూ ఉండిపోయింది. కళ్ళు పక్కకి తిప్పకూడదు కదా, నిబంధన.

రెండు రోజుల తర్వాత మెయిల్ వచ్చింది. మీ పరీక్షలో ఇంకొక వ్యక్తి గొంతు వినపడింది, ఫలితం ధ్రువీకరించలేము, మళ్ళీ రాయాలంటే ముప్పై రోజులు ఆగాలి.

భర్త కాసేపు చూసి, "ముప్పై రోజులంటే వచ్చే నెల ఎనిమిది," అన్నాడు. టైము టేబుళ్ళ మనిషి.

మాస్టారు ఆ రోజు అన్నం తినలేదు. అత్తగారు కంచం ముందు పెట్టి, "కాపలా కుక్కే దొంగని పిలిచినట్టయింది," అన్నారు, ఏ కోపమూ లేకుండా, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా.

"నేను హింటు ఇవ్వలేదే. అలవాటుగా నోటిలోంచి వచ్చింది."

"మీ నోరు మీతోపాటు రిటైరవలేదని నాకు తెలుసు. పాపం పరీక్షవాళ్ళకి తెలీదు."

కోడలికి కోపం రావాలి. వచ్చింది కూడా. కాని ఆయన ముట్టని కంచం చూసి, దాన్ని గిన్నెల కోసం దాచుకుంది. రాత్రి గిన్నెలు కొంచెం గట్టిగా కడిగింది. అంతే.

మర్నాడు ల్యాబులో భోజనాల వేళ యూనివర్సిటీ అడ్మిషన్ల ఆఫీసుకి ఒక మెయిల్ రాసింది. జరిగింది జరిగినట్టు రాయడానికి సిగ్గేసి, "సాంకేతిక కారణాల వల్ల" అని రాసి, కాసేపు చూసుకుని, అది చెరిపేసి, "మా ఇంట్లో ఒక పెద్దమనిషి కారణంగా" అని మార్చింది. నాకు ఇంకేమన్నా దారి ఉందా అని అడిగింది.

రెండో రోజు జవాబొచ్చింది. ఆఫీసులో ఒకావిడ ఓపిగ్గా రాసింది. ధ్రువీకరించని ఫలితాన్ని మేం తీసుకోలేం. మీ డిగ్రీ ఇంగ్లీషులో సాగితే కాలేజీ ఉత్తరం చూస్తాం. అది కాలేజీ లెటర్‌హెడ్డు మీద ఉండాలి, బోధన, పరీక్షలు రెండూ ఇంగ్లీషులో జరిగాయని ఉండాలి, ప్రిన్సిపాలు సంతకం, ముద్ర, తేదీ ఉండాలి. మీరు పంపితే కుదరదు, కాలేజీ తన సొంత మెయిల్ నుంచి నేరుగా మాకు పంపాలి. మామూలుగా ఐదేళ్ళ లోపు డిగ్రీలకే ఇది సరిపోతుంది. మీది పంతొమ్మిదేళ్ళ కిందటిది కాబట్టి, ఉత్తరం చేరాక మా వాళ్ళు మీతో వీడియోలో ఇరవై నిమిషాలు మాట్లాడి నిర్ణయిస్తారు. ఒకే అవకాశం. ఉత్తరం ఇరవై అయిదో తారీఖు దాటకుండా రావాలి.

వీసాకి మళ్ళీ పరీక్ష అడుగుతారా అని కూడా కోడలు అడిగి పెట్టుకుంది. ఈ కోర్సుకి మా నిర్ణయం చాలు, అదే ఉత్తరంలో రాసిస్తాం, మిగతా దేశాల సంగతి మాకు తెలీదు అంది ఆవిడ. కోడలు ఆ మెయిల్ ప్రింటు తీసుకుని బ్యాగులో పెట్టుకుంది. మనుషుల మాట కంటే కాగితం మీద ఆమెకి నమ్మకం ఎక్కువ, ల్యాబు అలవాటు.

పదిహేడో తారీఖున అరపూట సెలవు పెట్టి కాలేజీకి వెళ్ళింది. గేటు రంగు మారింది, లోపల ఆఫీసు గది మారలేదు. అదే బల్ల, అదే బీరువా, బల్ల వెనక అదే హెడ్ క్లర్కు. ఆయన్ని అప్పట్లో విద్యార్థులంతా "రేపు సారు" అనేవాళ్ళు. ఏదడిగినా "రేపు రండి" అనేవాడు గనక. జుట్టు తెల్లబడింది గాని పేరు నిలబెట్టుకున్నాడు.

"రేపు రండి," అన్నాడు తల ఎత్తకుండానే.

"నేనింకా ఏం కావాలో చెప్పలేదండీ."

"ఏదైనా సరే, రేపే కదా." అప్పుడు తలెత్తాడు. ఎవరో పోల్చుకున్నట్టు ఒక నవ్వు నవ్వాడు. "సైన్సు బ్యాచి కదూ? లైబ్రరీ పుస్తకం ఇవ్వకుండా టీసీ అడిగిన అమ్మాయివి."

"ఇచ్చానండీ. మీరే మర్నాడు రాసుకుంటానన్నారు."

రేపు సారు కాసేపు పైకి చూశాడు. నిజమే అయ్యుంటుందని ఒప్పుకోకుండానే ఒప్పుకుని, విషయం ఏంటన్నాడు. విని, రిజిస్టరు తీసి, ఆమె పేరు వెతికి, రేపు రమ్మన్నాడు. ఆమె రేపు వెళ్ళింది. ఆశ్చర్యం, ఉత్తరం తయారుగా ఉంది. లెటర్‌హెడ్డు మీద, సంతకంతో, గుండ్రటి ముద్రతో.

కోడలు ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది.

సదరు విద్యార్థిని ఈ కళాశాల నందు మూడు సంవత్సరముల పాటు చదివిన డిగ్రీకి సంబంధించి బోధన, పరీక్షలు సంపూర్ణముగా ఆంగ్ల భాషలోనే జరిగినవని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.

"సార్, ఇది మన భాషలో ఉంది."

"అవును. చక్కగా ఉంది కదా?"

"ఇంగ్లీషులో చదివానని చెప్పే కాగితం ఇంగ్లీషులో ఉండొద్దా?"

రేపు సారు కుర్చీలో వెనక్కి వాలాడు. చిన్నపిల్లకి చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. "చూడమ్మా, రెండేళ్ళ కిందట సర్క్యులర్ వచ్చింది. ఆఫీసు నుంచి వెళ్ళే ప్రతి కాగితమూ మన భాషలోనే వెళ్ళాలి. అయినా ఆలోచించు. ఇంగ్లీషులో చదివానని ఇంగ్లీషులో ఎవరైనా రాసుకోవచ్చు. మన భాషలో రాస్తే ఎంత నమ్మకంగా ఉంటుంది."

ఆ మాటలో ఏదో తర్కం ఉన్నట్టే అనిపించి కోడలు ఒక్క క్షణం తడబడింది. ఆ తర్వాత, ఆ సర్క్యులర్ ఎక్కడుందని అడిగింది. ఆయన వెనక గోడకే అతికించి ఉంది, ఎండకి పచ్చబడి. ఆమె బల్ల పక్కనుంచి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, పాల సీసా మీద లేబుల్ చదివినట్టు కింది వరసదాకా చదివింది. అసలు సరుకు ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

"సార్, ఆరో పాయింటు చూశారా? విదేశీ సంస్థలకు పంపు పత్రములకు ఈ నియమము వర్తించదు."

రేపు సారు లేచి వచ్చి చదివాడు. రెండేళ్ళుగా తన నెత్తి మీదే ఉన్న కాగితాన్ని మొదటిసారి చదివిన మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన మొహం.

"సరే, ఇంగ్లీషు డ్రాఫ్టు మీరే రాసుకుని రండి," అన్నాడు. తర్వాత అలవాటుగా, "రేపు," అన్నాడు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పడం పొరపాటైంది. డ్రాఫ్టు అన్న మాట వినగానే, పది రోజులుగా గోడవైపు తిరిగి పడుకుంటున్న మాస్టారు లేచి కూర్చున్నారు. ఎర్ర పెన్ను కాక నీలం పెన్ను అడిగారు. రెండు గంటలు తలుపేసుకుని రాశారు. మూడు పేజీలు. మొదటి పేజీలో కాలేజీ స్థాపన, దాని ఆశయాలు. రెండో పేజీలో ఆ విద్యార్థిని సౌశీల్యం. ఇంగ్లీషు అన్న మాట మూడో పేజీ మధ్యలో, రెండు ఉపవాక్యాల నడుమ, తలదాచుకుని ఉంది.

"చాలా బాగుంది మావయ్యగారు," అంది కోడలు. "ఇది వాళ్ళు చదువుకుంటూ ఉంటే నా కోర్సు అయిపోతుంది."

"ఏం, అంత పొడుగ్గా ఉందా?"

"నా డిగ్రీ సర్టిఫికెట్టే ఆరు వరసలుంది."

మాస్టారు కాసేపు బిగుసుకుని, ఆ తర్వాత కాగితాలు ఆమె చేతికిచ్చి, "నీకు కావలసినంత తుంచుకో," అన్నారు. ఆ గొంతులో మోకాలి ఆపరేషనుంది, తలుపు చెక్క ఉంది, మూడేళ్ళున్నాయి. కోడలు తుంచింది. ఏడు వాక్యాలు మిగిలాయి. అందులో ఒక వాక్యం పూర్తిగా ఆయనదే, చెక్కు చెదరకుండా ఉంచింది, అది నిజంగానే బాగుంది కాబట్టి.

ప్రిన్సిపాలు సంతకం పెట్టాడు. ముద్ర పడింది. ఇక కాలేజీ మెయిల్ నుంచి పంపాలి. రేపు సారు కంప్యూటర్ ముందు కూర్చుని, పాస్‌వర్డు అడిగితే, చేతులు చూపించాడు. ఆ మెయిల్ చూసేది పాత టైపిస్టట, ఆవిడ రిటైరై రెండేళ్ళయిందట. ఫోన్ చేస్తే ఆవిడ ఎత్తి, "గంటలు కొట్టే టైమ్ టేబుల్ వెనకాల రాసి పెట్టాను, ఎవరూ అడగలేదే," అంది. గంట పక్కన వేలాడుతున్న అట్ట తిప్పితే నిజంగానే ఉంది. మెయిల్ తెరిస్తే నాలుగు వేల పైచిలుకు ఉత్తరాలు, ఒక్కటీ తెరవలేదు. వాటిలో ఎంతమంది పాత విద్యార్థుల జీవితాలు ఆగిపోయి ఉన్నాయో అనుకుంది కోడలు. రేపు సారు మాత్రం తాపీగా, "ఇవన్నీ రేపు చూద్దాం," అన్నాడు. కోడలిది మాత్రం ఇవాళే వెళ్ళింది. ఇరవై మూడో తారీఖు, మధ్యాహ్నం రెండూ పది. అది భర్త రాసి పెట్టుకున్న లెక్క.

ఇంటర్వ్యూ ఇరవై ఎనిమిదిన, సాయంత్రం అయిదింటికి అని మెయిల్ వచ్చింది.

ఆ రోజు నాలుగింటికే మాస్టారు చెప్పులేసుకున్నారు.

"నేను లైబ్రరీకి పోతున్నాను," అన్నారు. లైబ్రరీ మూడు వీధుల అవతల. "ఎంత గట్టిగా మాట్లాడినా ఇక్కడికి వినపడదు. నా నోరంటే నాకే భయంగా ఉంది, అందుకే."

"ఫోన్ ఇటివ్వండి," అన్నారు అత్తగారు.

"ఫోన్ దేనికి?"

"అక్కణ్ణుంచి ఫోన్ చేసి చెప్పరని గ్యారంటీ ఏముంది?"

ఆయన ఇచ్చేశారు. అత్తగారు కూడా ఆయన వెంటే బయల్దేరారు, కాపలాదారుకి కాపలాగా. గుమ్మం దాటుతూ మాస్టారు వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయి, భార్య మొహం చూసి, గాలి మింగి వెళ్ళిపోయారు.

తెర మీద ఇద్దరు కనిపించారు. ఒకరు ఆ డిపార్టుమెంటు లెక్చరరు, సన్నగా ఉన్నాడు. ఇంకొకావిడ ఇంగ్లీషు అంచనా వేసే మనిషి, జుట్టు తెల్లగా, కళ్ళజోడు ముక్కు చివర. ఇక్కడి నుంచి మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి, మనం మాత్రం మన భాషలో చెప్పుకుందాం.

లెక్చరరు ల్యాబు గురించి అడిగాడు. కోడలు చెప్పింది. పాలలో యూరియా ఎలా పట్టుకుంటారు, వేసవిలో ట్యాంకర్లు ఎక్కడ ఆగితే అనుమానం పడాలి, ఒకసారి డ్రైవరు శాంపిల్ సీసాలో తన టీ పాలు పోసి ఇస్తే ఎలా దొరికిపోయాడు. ఆయన నోట్సు రాసుకోవడం మానేసి విన్నాడు. కాని తెల్లజుట్టావిడ మొహంలో కదలిక లేదు. అవి బట్టీపట్టిన జవాబులో కావో తేల్చుకోవడం ఆవిడ పని.

"మీ ఫైల్లో ఒక మాట ఉంది," అంది ఆవిడ. "ఇంటి పరీక్ష ఫలితం రాలేదు, 'మా ఇంట్లో ఒక పెద్దమనిషి కారణంగా' అని. అంటే ఏంటి?"

దీనికి కోడలు సిద్ధం కాలేదు. బట్టీ పట్టిన వాటిలో ఇది లేదు. పది సెకన్లు. తలుపు అవతల నుంచి ఏమీ వినపడలేదు. ఎందుకో ఆ వినపడకపోవడమే ఆమెకి వింతగా అనిపించింది.

ఇక మొదలుపెట్టింది. మోకాలి ఆపరేషను నుంచి మొదలుపెట్టింది. గడువు తీరిన స్కోరు, మందు సీసా, విరిగిన పాలు. బెల్లు వైరు పీకించడం, పైవాటా పిల్లని బతిమాలడం, కుర్చీ, అడ్డంగా పెట్టిన కర్ర. ప్రశ్న ఏమి వచ్చిందో చెప్పింది. ఇరవై రెండో సెకనున తలుపులోంచి వచ్చిన వాక్యం, ఆయన గంభీర స్వరంలోనే చెప్పింది.

లెక్చరరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తెల్లజుట్టావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"మరి ఆ ప్రశ్నకి మీరు ఏం జవాబు చెప్పారు?" అంది.

"చెప్పే లోపు టైమైపోయింది."

"ఇప్పుడు చెప్పండి. ఎవరి గురించి చెప్పేవారు?"

కోడలి కళ్ళు ఈసారి పక్కకి వెళ్ళాయి. ఖాళీ కుర్చీ అక్కడే, తెరిచి ఉన్న తలుపు అవతల ఉంది. పెళ్ళైన కొత్తలో తను ఇంగ్లీషు పేపరు పట్టుకుని తిప్పుతుంటే, ఆయన ఏమీ అడగకుండా పక్కన డిక్షనరీ పెట్టి వెళ్ళిన రోజు గుర్తొచ్చింది. రోజూ రాత్రి ఒక పేజీ రాయమని, పొద్దున ఎర్ర గీతలతో తిరిగిచ్చేవారు. మూడేళ్ళు. ఒక్క రోజు కూడా బాగుందని అనలేదు. ఎర్ర గీతలు మాత్రం రాను రాను తగ్గాయి. ఒక రోజు అసలు లేవు. ఆ రోజు ఆ కాగితం వెనక్కి ఇవ్వలేదు, తన దగ్గరే ఉంచుకున్నారు.

అదంతా చెప్పింది. మధ్యలో ఒకటి రెండు చోట్ల మాట తడబడింది, సరిచేసుకుని చెప్పింది. ఇరవై నిమిషాలు అనుకున్నది ముప్పై అయిదయింది.

ఆరు దాటాక లైబ్రరీ నుంచి ఇద్దరూ వచ్చారు. మాస్టారు గుమ్మంలోనే నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా అడిగారు. "ఏం అడిగారమ్మా?"

"పాల గురించి. తర్వాత ఒక టీచరు గురించి."

ఆయన గొంతు సవరించుకున్నారు. "ఎవరి గురించి చెప్పావు?"

"బాటనీ సారు గురించి," అంది కోడలు, టీ కప్పు అందిస్తూ.

"ఆహా," అన్నారు మాస్టారు. "మంచిదే. బాటనీ మంచి సబ్జెక్టు." టీ తాగాకే చెప్పులు విప్పారు. అత్తగారు కోడలి మొహంలోకి ఒకసారి పరకాయించి చూసి, ఏదో అర్థమైనట్టు, టీ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ముప్పయ్యో తారీఖు పొద్దున మెయిల్ వచ్చింది. భర్త ఆఫీసుకి వెళ్ళిపోయాడు, కోడలు స్నానానికి వెళ్ళింది, ప్రింటర్ దగ్గర మాస్టారే ఉన్నారు. యూనివర్సిటీ మెయిళ్ళు రాగానే ప్రింటయ్యేలా భర్త ఏర్పాటు చేశాడు. కాగితం బయటికి వచ్చింది. మాస్టారు అలవాటుగా జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టారు.

ఇంగ్లీషు షరతు నెరవేరినట్టు నమోదు చేశాం. సీటు ఖరారైంది. మీ కాలేజీ ఉత్తరం, మా ఇంటర్వ్యూ రెండూ కలిపి సరిపోయాయి, పరీక్ష అక్కర్లేదు. కింద సంతకం. ఆ కింద, తెల్లజుట్టావిడ విడిగా రాసిన రెండు వాక్యాలు: మీ మావగారికి మా నమస్కారాలు చెప్పండి. ఆ రోజు తలుపు అవతల నుంచి ఆయన చెప్పిన జవాబు సరైనదేనని కూడా చెప్పండి.

కోడలు తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆయన ప్రింటర్ పక్కనే నిలబడి ఉన్నారు. కాగితం చేతిలో ఉంది. ఎర్ర పెన్ను మూత తీసి ఉంది, కాగితానికి జానెడు దూరంలో ఆగి ఉంది.

అత్తగారు వంటింట్లోంచి తొంగి చూశారు. "ఏమైంది, తప్పు దొరకలేదా?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. రెండోసారి సవరించుకున్నారు.

"వెతుకుతున్నాను," అన్నారు.

కోడలు వెళ్ళి కాగితం తీసుకోబోయింది. ఆయన ఇవ్వలేదు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "నీకు ఇంకో ప్రింటు తీసుకో," అన్నారు.